500 పీసుల ఎంఓక్యూ, మూడు స్లాబులు, ఓఆర్ఆర్ లోపల ఫ్రీ డెలివరీ: రెండున్నరేళ్ళు కొన్నాక చెప్తున్నా

మాది హైదరాబాద్ బాచుపల్లిలో చిన్న పచ్చళ్ళ యూనిట్. అరకిలో జాడీలు ఆరేసి ఒక అట్టపెట్టెలో పెట్టి కొరియర్‌కి ఇస్తాం. నెలకి అటూ ఇటూగా 450 పెట్టెలు పోతాయి, ఆవకాయ సీజన్లో ఇంకొంచెం ఎక్కువ. 2023 ఆగస్టు నుంచి ఈ పెట్టెలన్నీ జీడిమెట్ల వైపు ఉన్న ఒక హోల్‌సేల్ సప్లయర్ దగ్గరే కొంటున్నాం. పేరు రాయను, ఎందుకంటే నేను చెప్పబోయేది వాళ్ళొక్కరి గురించే కాదు, ఈ లైన్లో దాదాపు అందరూ పెట్టే క్యాప్షన్ గురించి. సోషల్ మీడియాలో ఫొటో కింద నాలుగు లైన్లు రాస్తారు కదా, ఎంఓక్యూ అంటే కనీస ఆర్డరు ఇంత, ఇన్ని కొంటే రేటు ఇంత, డెలివరీ ఇక్కడిదాకా అని, దాన్ని చూసి కొన్న మనిషికి చివరికి ఎంత పడిందో చెప్తాను.

2025 మే నెలలో వాళ్ళు పెట్టిన క్యాప్షన్ స్క్రీన్‌షాట్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. మా సైజుకి అందులో ఉన్నది ఇదీ: 10x8x6 అంగుళాలు, 3 ప్లై బ్రౌన్ బాక్స్, ఎంఓక్యూ 500. 500 నుంచి 999 దాకా పీసు 14.50 రూపాయలు, 1000 నుంచి 2499 దాకా 12.75, 2500 ఆపైన 11.40. జీఎస్టీ అదనం. ఓఆర్ఆర్ లోపల ఫ్రీ డెలివరీ, తెలంగాణ, ఆంధ్ర అంతటా సప్లై. కింద ఒక లారీ బొమ్మ, రెండు నిప్పు బొమ్మలు.

ముందు ఎంఓక్యూ సంగతి. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను అమాయకంగా, పెద్ద పెట్టెలు 300, రెండు జాడీలు పట్టే చిన్నవి 200, మొత్తం 500 పంపండి అన్నాను. అవతలి అబ్బాయి నవ్వాడు. "అక్కా, ఎంఓక్యూ సైజుకి 500. రెండు సైజులైతే వెయ్యి." క్యాప్షన్లో ఆ ముక్క లేదు. కోపం వచ్చింది గానీ తర్వాత వాళ్ళ షెడ్డుకి వెళ్ళి చూస్తే విషయం అర్థమైంది. సైజు మారినప్పుడల్లా గాటు వేసే మిషన్లో బ్లేడ్లు జరపాలి, మొదటి కొన్ని షీట్లు సెట్టింగులోనే పాడవుతాయి, పైగా పేపర్ రీలు వెడల్పుకి మన సైజు సరిగ్గా కుదరకపోతే పక్కన పట్టీలా మిగిలిన ముక్క స్క్రాప్‌లోకి పోతుంది. 200 పెట్టెల కోసం అంత పని పెట్టుకుంటే వాళ్ళకి గిట్టదు. స్టాకులో ఉండే రెడీ సైజయితే మాత్రం అడిగితే 500 కంటే తక్కువ కూడా ఇస్తారు, నాకు రెండుసార్లు 300 ఇచ్చారు, మొదటి స్లాబు రేటుకే. క్యాప్షన్లో ఉన్న ఎంఓక్యూ అసలు మన సైజు మీద చేయించే ఆర్డరుకి. సొంత ప్రింటు వేయించుకుంటే ఇంకో సంగతి కూడా ఉంది, మీరు 1000 అంటే సరిగ్గా 1000 రావు. 1040 రావచ్చు, 960 రావచ్చు, వచ్చినవాటికే బిల్లు. ఇది మోసం కాదు, ఈ పనిలో మామూలే. కాకపోతే ఎంత శాతం దాకా ఒప్పుకుంటామో ముందే అనుకోవాలి, లేకపోతే 1150 వచ్చి గుమ్మంలో కూర్చుంటాయి.

ఇక స్లాబులు. నేను కూర్చుని లెక్క వేసుకున్న మొదటి రోజే ఒక వింత కనిపించింది. 900 పెట్టెలు 14.50 చొప్పున 13,050 రూపాయలు. 1000 పెట్టెలు 12.75 చొప్పున 12,750. అంటే వంద పెట్టెలు ఎక్కువ తీసుకుంటే మూడొందలు తక్కువ అవుతోంది! ఈ రేట్ల దగ్గర 880 దాటితే 1000 చెప్పడమే మేలు, 2236 దాటితే 2500 చెప్పడమే మేలు. అయితే ఈ లెక్క నిలబడాలంటే స్లాబు రేటు మొత్తం ఆర్డరుకి పడాలి. మా సప్లయర్ అలాగే వేస్తాడు. అంతకుముందు బేగంబజార్‌లో వేరే దుకాణంలో తీసుకున్నప్పుడు మొదటి 999కి పాత రేటు, ఆపైన వాటికే కొత్త రేటు వేసి బిల్లు ఇచ్చారు. అడిగితే అదే పద్ధతి అన్నారు. అందుకని ఇప్పుడు ఎవరి క్యాప్షన్ చూసినా మొదట అడిగేది ఇదే, "రేటు మొత్తానికా, పైన వాటికేనా?"

ఇంకో ముడి ఫ్రీ డెలివరీలో ఉంది. ఓఆర్ఆర్ లోపల ఫ్రీ అన్నారు, బాచుపల్లి ఓఆర్ఆర్ లోపలే, జీడిమెట్ల నుంచి ఎంతో దూరం కూడా కాదు. అయినా 500 పెట్టెలు తెప్పించుకుంటే బిల్లులో 600 రూపాయలు బండి కిరాయి వేస్తారు. పదివేలు దాటిన బిల్లుకే ఫ్రీ అట. 500 పెట్టెలంటే 7,250, దాటదు. అంటే పెట్టె పడేది 14.50కి కాదు, 15.70కి. వెయ్యి పెట్టెలకి బిల్లు పదివేలు దాటుతుంది కాబట్టి అక్కడ కిరాయి లేదు. కాబట్టి మొదటి స్లాబుకీ రెండో స్లాబుకీ అసలు తేడా రూపాయి ముప్పావలా కాదు, దగ్గర దగ్గర మూడు రూపాయలు. చిన్న యూనిట్లు 500 చొప్పున నెలనెలా తెప్పించుకోవడం వల్ల ఎంత పోగొట్టుకుంటున్నాయో క్యాప్షన్ చూస్తే తెలియదు. మేం మొదటి ఆరు నెలలు అలాగే పోగొట్టుకున్నాం. అప్పట్లో రేట్లు వేరు, పద్ధతి ఇదే.

ఫ్రీ అంటే గేటు దాకానే. ట్రాలీ ఆటో వస్తుంది, డ్రైవర్ ఒక్కడే ఉంటాడు, దింపుకోవడం మన పని. మా గోడౌన్ మొదటి అంతస్తు కాబట్టి హమాలీ ఖర్చు మాదే. ఒక్కోసారి డ్రైవరే పైకి వేస్తాడు, చాయ్‌కి ఓ వంద ఇస్తాం, అది వేరే లెక్క. వాళ్ళు చెప్పిన రోజుకి రావడం మాత్రం బాగుంది, రెండున్నరేళ్ళలో నాలుగైదుసార్లే ఆలస్యం, అందులో ఒకటి మా తప్పే, అడ్వాన్సు లేటుగా వేశాం.

ఇప్పుడు అసలు కథకి వస్తా.

2025 జూన్‌లో మా ఆయన, నేను కూర్చుని, ఎందుకీ వెయ్యి వెయ్యి, ఒకేసారి 2500 తీసుకుంటే పెట్టెకి 1.35 మిగులుతుంది, మొత్తం మీద 3,375 రూపాయలు, ఒక నెల కరెంటు బిల్లు పోతుంది అనుకున్నాం. 28,500 ప్లస్ టాక్సు కట్టాం. కట్టకి 25 చొప్పున వంద కట్టలు వచ్చాయి. దింపుతుంటే మా దగ్గర పనిచేసే పెద్దావిడ, "ఏందమ్మా, ఈసారి కట్టలు తేలికగున్నయ్" అంది. నేను పట్టించుకోలేదు. ఆవిడకి పట్టున్న చేతులు, నేను చదువుకున్నదాన్ని, అదీ తేడా.

జూలైలో కంప్లయింట్లు మొదలయ్యాయి. పెట్టె మూల నలిగిందనీ, కింద ఉన్న పెట్టె కూలబడి జాడీ మూత వదులైందనీ, నూనె కారిందనీ. నెలకి ఒకటో రెండో ఉండేవి ఆ నెలలో తొమ్మిది. కొరియర్ వాళ్ళని తిట్టుకున్నాం. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడ మాట. పాత లాటులో మిగిలిన పెట్టె ఒకటి వంటింటి కాటా మీద పెడితే 145 గ్రాములు. కొత్తది 122. ఒకటి కాకపోతే ఒకటి ఉంటుందేమోనని పది తూచాను. అన్నీ 120 నుంచి 124 మధ్యే.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే క్యాప్షన్లో లేనిది సరిగ్గా ఇదే. 3 ప్లై అంటే మూడు పొరల కాగితం, పైనొకటి, లోపలొకటి, మధ్యలో అలల్లా ముడతలు పడ్డది. అంతే. ఆ కాగితం ఎంత మందమో 3 ప్లై అన్న మాట చెప్పదు. దాన్ని జీఎస్ఎంలో చెప్తారు, చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు అని. 120 జీఎస్ఎం కాగితాలతో చేసిందీ 3 ప్లైయే, 100 జీఎస్ఎంతో చేసిందీ 3 ప్లైయే, ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి, చేత్తో పట్టుకున్నా కొత్తవాళ్ళకి తెలియదు. మా సైజు పెట్టె విప్పి పరిస్తే సుమారు 37.5 అంగుళాల పొడవు, 14.5 అంగుళాల వెడల్పు, అంటే 0.35 చదరపు మీటరు. మధ్య పొర ముడతలు పడుతుంది కాబట్టి దానికి ఒకటికి ఒకటిన్నర వంతుకి కాస్త తక్కువ కాగితం పడుతుంది. అలా మూడు పొరలూ కలిపి లెక్కేస్తే 120 జీఎస్ఎంకి గమ్‌తో కలిపి 145 గ్రాముల దగ్గర రావాలి, 100 జీఎస్ఎంకి 122 దగ్గర. నా కాటా చెప్పింది అదే.

ఖాయం చేసుకోవడానికి ఇంకో పని చేశాను. పెట్టె నుంచి ఒక ముక్క కోసి నీళ్ళలో నానబెడితే గమ్ వదిలి మూడు పొరలూ విడిపోతాయి. మధ్య పొరని సాఫుగా పరిచి, మూడింటినీ ఒక రోజు బాగా ఆరబెట్టి, ఒక్కోదాన్నుంచి సరిగ్గా 10 సెంటీమీటర్లకి 10 సెంటీమీటర్ల ముక్క కోసి, గ్రాములో వందో వంతు చూపించే చిన్న పాకెట్ కాటా మీద పెట్టాలి. ముక్క బరువుని వందతో గుణిస్తే జీఎస్ఎం వస్తుంది. నాకు మూడు ముక్కలూ ఒక గ్రాము చుట్టూ వచ్చాయి. అంటే 100. మా పాత పెట్టెలో 1.2 దగ్గర ఉంది. ఆ చిన్న కాటా ఆన్‌లైన్లో ఐదారు వందలకి దొరుకుతుంది, ఏలకులు, కుంకుమపువ్వు తూచడానికి ఎలాగూ పనికొస్తుంది.

ఫోన్ చేశాను. మొదట తేమ వల్ల బరువు మారుతుందన్నాడు. వానాకాలంలో కాగితం తేమ పీల్చుకుంటే బరువు పెరగాలి కదా, తగ్గడమేంటి అన్నాను. కాసేపు ఆగి నిజం చెప్పాడు. "అక్కా, 11.40 రేటు 100 జీఎస్ఎం మీద. ఆ రేటుకి 120 రాదు. మీరు అడగలేదు." అడగలేదు, నిజమే. వాళ్ళూ చెప్పలేదు. ఒకే ఫొటో కింద, ఒకే సైజు పేరుతో మూడు రేట్లు రాస్తే కొనేవాళ్ళు ఒకే సరుకనుకుంటారు, అలా అనుకోవాలనే కదా అలా రాసేది.

అప్పుడు కూర్చుని కిలో లెక్కన చూశాను. రెండో స్లాబు 12.75ని 145 గ్రాములతో భాగిస్తే కిలో అట్ట సుమారు 88 రూపాయలు. మూడో స్లాబు 11.40ని 122 గ్రాములతో భాగిస్తే 93 పైచిలుకు. అంటే ఎక్కువ కొన్నందుకు కిలోకి ఐదు రూపాయలు ఎక్కువే కట్టాను. బల్కు రేటన్నది కాగితం తగ్గించి చూపించిన రేటు. కాగితం వ్యాపారమంతా మిల్లు నుంచి కిలోల్లో నడుస్తుంది, పెట్టె చేసేవాడు కాగితం కిలోల్లోనే కొంటాడు, మిగిలిన స్క్రాపు కిలోల్లోనే అమ్ముతాడు, మనకొచ్చేసరికి మాత్రం పీసుల్లో చెప్తాడు.

దీని మీద వానలు. 2500 పెట్టెలంటే మాకు ఐదున్నర నెలల సరుకు. గోడౌన్లో స్థలం చాలక గోడకి ఆనించి కింద నేల మీదే పేర్చాం. ఆగస్టు చివరికి అడుగున ఉన్న కట్టలు మెత్తబడ్డాయి. చూడ్డానికి తడిసినట్టు ఉండవు, కానీ వేలితో మూల నొక్కితే కరకరమనే చప్పుడు రాదు, లోపల ముడతలు అణిగిపోయి ఉంటాయి, టేపు వేస్తే పైపొరే లేచి వస్తుంది. పన్నెండు కట్టలు, అంటే 300 పెట్టెలు, పక్కన పెట్టేశాం. 11.40 చొప్పున 3,420 రూపాయలు. మిగులుతుందనుకున్నది 3,375. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇందులో సప్లయర్ తప్పు సగమే. నేల మీద పెట్టింది మేమే, ఇప్పుడు చెక్కపలకలు వేసి గోడకి జానెడు దూరంలో పేరుస్తున్నాం.

ఇంత జరిగాక కూడా వాళ్ళ దగ్గరే ఎందుకు కొంటున్నామంటే, ఒకటి, మాట్లాడితే దారికి వచ్చారు. తర్వాతి బిల్లులో 1,500 తగ్గించారు, పూర్తి నష్టం కాదు గానీ ఏదో ఒకటి. రెండు, మన స్పెసిఫికేషన్ రాతలో ఇస్తే అదే పంపుతున్నారు. ఇప్పుడు నా ఆర్డరు మెసేజ్ ఇలా ఉంటుంది: లోపలి కొలత 10x8x6, మూడు పొరలూ 120 జీఎస్ఎం, 18 బీఎఫ్, ఖాళీ పెట్టె బరువు 140 గ్రాములకి తగ్గితే వాపసు. బీఎఫ్ అంటే కాగితం చిరగడానికి ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెప్పే అంకె, జీఎస్ఎం ఎంత ఉన్నా కాగితం నాసిరకం అయితే అది తగ్గుతుంది. దాన్ని ఇంట్లో కొలవలేం, వాళ్ళ మాట నమ్మాలి, బరువు మాత్రం మన చేతిలో ఉంది. లోపలి కొలత అని ఎందుకు రాస్తున్నానంటే, మొదటి లాటులో వాళ్ళు బయటి కొలత పట్టి చేశారు, అట్ట మందం పోయాక మూడు జాడీలు వరసలో బిగుసుకుపోయి బబుల్ షీటుకి చోటు లేకపోయింది.

అదే స్పెసిఫికేషన్ మీద 2500కి అడిగితే 12.10 అన్నారు. వెయ్యికీ దానికీ తేడా 65 పైసలు, మొత్తం 1,625 రూపాయలు. ఐదున్నర నెలల డబ్బు, స్థలం ఇరుక్కోవడానికి నాకది చాలదు. మేం వెయ్యి స్లాబు దగ్గరే ఆగిపోయాం. నెలకి రెండు వేలు వాడేవాళ్ళకి లెక్క వేరు, వాళ్ళు కళ్ళు మూసుకుని 2500 తీసుకోవచ్చు, కళ్ళు మూసుకునే ముందు ఒక పెట్టె తూచి.

దిగిన వెంటనే మేం చేసేది: ఐదు కట్టలు ఏవైనా తీసి కాటా మీద పెట్టడం. 25 పెట్టెల కట్ట 3.6 కిలోలు ఉండాలి. తక్కువ ఉంటే రెండే కారణాలు, పెట్టె పలచన లేదా కట్టలో 24 ఉన్నాయి. రెండోది మాకు మూడుసార్లు దొరికింది, కావాలని చేశారనుకోను, కూలీ మీద కట్టే పిల్లలు లెక్క తప్పుతారు. చెప్పిన వెంటనే తర్వాతి లోడులో కలిపి పంపారు.

టాక్సు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే "జీఎస్టీ అదనం" అన్న మాట అందరికీ ఒకేలా తగలదు. నేను మొదలుపెట్టినప్పుడు అట్టపెట్టెల మీద 18 శాతం ఉండేది, 2024 జూలైలో 12 అయింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 5. మేం మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉన్నాం, కట్టింది ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. శంకర్‌పల్లిలో చిరుధాన్యాల స్నాక్స్ చేసే మా ఫ్రెండ్ కాంపోజిషన్ స్కీములో ఉంది, అందులో క్రెడిట్ రాదు, తనకి ఆ టాక్సు పూర్తిగా ఖర్చే. 5 శాతం అయ్యాక సప్లయర్ 12.75 రేటుని 13.20 చేశాడు. పెట్టె మీద టాక్సు తగ్గింది గానీ దాన్ని చేసే క్రాఫ్ట్ పేపరు మీద 18కి పెరిగింది, మా డబ్బులు టాక్సు దగ్గర ఇరుక్కుంటున్నాయి అన్నాడు, అందులో అబద్ధం లేదు. ఫలితం చూడండి, మా ఫ్రెండ్‌కి అప్పట్లో టాక్సుతో 14.28 పడేది ఇప్పుడు 13.86, తనకి తగ్గింది. నాకు టాక్సు వెనక్కి వచ్చేది కాబట్టి 45 పైసలు పెరిగింది. ఒకే క్యాప్షన్, ఒకే రోజు, తను సంబరపడింది, నేను విసుక్కున్నాను. తనకింకో బాధ ఉంది, శంకర్‌పల్లి ఓఆర్ఆర్ దాటాక వస్తుంది కాబట్టి ఎంత బిల్లయినా బండి కిరాయి 900 తనదే.

"ఆంధ్ర అంతటా సప్లై" మాటని మా ఆడపడుచు పరీక్షించింది. రాజమండ్రి దగ్గర పూతరేకులు చేసి పంపుతుంది, 500 పెట్టెలు చెప్పింది. సప్లై అంటే ఇక్కడ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో వేసి రసీదు ఫొటో పంపడం. కిరాయి టు పే, అంటే సరుకు తీసుకునేవాళ్ళు కట్టాలి, అదీ రాజమండ్రిలో వాళ్ళ గోడౌన్‌కి వెళ్ళి. కట్టకి 40 చొప్పున 20 కట్టలకి 800 అయింది, పెట్టెకి 1.60. రెండోసారి నేను చెప్తే నాలుగు కట్టలు కలిపి గోతాం కుట్టి ఒకటిగా వేశారు, ఐదు నగాలే అయ్యాయి, 500లో వచ్చేసింది. ఇది అడిగితేనే చేస్తారు. గోతాం వల్ల దారిలో మూలలు నలగకుండా కూడా వచ్చాయి.

మార్కులు వేయమంటే డెలివరీ టైముకి, మాట వినడానికి ఐదుకి నాలుగు వేస్తా. క్యాప్షన్‌కి రెండు. పోయిన వారం కొత్తది పెట్టారు, రేట్లు ఇంకో ఇరవై పైసలు పెరిగాయి, "స్టాక్ ఉన్నంతవరకే" అని కలిపారు. జీఎస్ఎం ఈసారి కూడా రాయలేదు. కింద ఎవరో "బరువెంత అన్నా?" అని అడిగారు, జవాబు "డీఎం చేయండి" అని ఉంది. నేనేం రాయలేదు, నా వెయ్యి పెట్టెలు శుక్రవారం దిగాలి.